తిరుమలేష్ ఛానల్‌కు యాభై ఎనిమిది సెకన్లు

పెళ్ళయి నాలుగు నెలలు దాటినా భువనకు లిఫ్టెక్కడం ఇంకా సరదాగానే ఉంది. పదమూడో అంతస్తులో తలుపు తెరుచుకోగానే సింగపూర్‌లోని ఆ యూ టీ పేట మొత్తం కాళ్ళ కింద పరిచినట్టుండేది. కింద రైలు పోతుంటే కూరగాయల సంచీ చేతిలో పట్టుకునే నిలబడిపోయేది. రాజమండ్రిలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ గోదావరి వంతెన మీద రైళ్ళు చూసిన పిల్లే. అయినా రైలు కన్నా తాను ఎత్తులో ఉండి చూడటం ఇదే మొదలు.

మొగుడు చక్రధర్ ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగంలో ఉన్నాడు. ఆ ఏడాది ఐటీ వాళ్ళ జాతకం బాగుంది. కొవిడ్ కట్టుబాట్లు సడలాక కంపెనీలన్నీ ఒక్కసారిగా మనుషుల కోసం ఎగబడ్డాయి. వారానికి ముగ్గురైనా ఫోన్ చేసి ఉద్యోగం మారతారా అని అడిగేవారు. చక్రధర్ ఫోన్‌ను స్పీకర్లో పెట్టి, వంటింట్లోకి వినపడేలా "ఆలోచించి చెప్తానండీ" అనేవాడు. కొత్త పెళ్ళాం ఎదుట ఆ మాత్రం గొప్ప చూపించుకోకపోతే ఇంకెప్పుడు చూపించుకుంటాడు? భువన కూడా పోపు వేస్తూ, వినపడనట్టు నటిస్తూ, లోలోపల మురిసిపోయేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి తిరుమలేష్ వచ్చేవాడు. అతను చక్రధర్ మేనమామ కొడుకు, వయసులో ఏడేళ్ళు పెద్ద. సోంపేట పక్క ఊరివాడు. పన్నెండేళ్ళుగా ఇక్కడ ఓడలు కట్టే యార్డులో రిగ్గరుగా, సిగ్నల్‌మన్‌గా ఉంటున్నాడు. బరువులకు స్లింగులనే పట్టీలు కట్టడం, క్రేన్ నడిపేవాడికి కింద నిలబడి చేతి సైగలతో దారి చెప్పడం అతని పని. వర్క్ పర్మిట్ మీద వచ్చినవాడు కాబట్టి పెళ్ళాం పిల్లలు ఊళ్ళోనే. ఉండేది పశ్చిమాన ఓ డార్మిటరీలో, గదికి పదిమంది. బస్సెక్కి, రైలు మారి, గంటంబావు ప్రయాణం చేసి, చేతిలో ఎప్పుడూ ఒక అరటిపళ్ళ హస్తం పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. వరసకు భువన చెల్లెలవుతుంది.

ఆ ఆదివారం పప్పుచారు రెండోసారి పోయించుకుని, అన్నం కలపకుండానే భువన వైపు తిరిగాడు.

"సెల్లెమ్మా, నీకో పని సెప్తాను, సేస్తావేటి?"

"చెప్పండన్నయ్యా."

"నా ఛానల్‌కి ఓ మొకం గావాల."

"ఉన్న మొహం చాల్లేదా బావా?" అన్నాడు చక్రధర్.

"నీ మొకానికే పెళ్ళయిపోనాది. నా ఛానల్‌కి దిక్కుండదేటి?"

భువన పక్కున నవ్వి, కంచం పక్కకు జరిపి ఫోన్ అందుకుంది. అతని యూట్యూబ్ ఛానల్లో నాలుగు వీడియోలున్నాయి. ఒక్కోటి పన్నెండు నిమిషాలు. అన్నిట్లోనూ డార్మిటరీ మంచం మీద కూర్చుని, స్లింగుల గురించీ హుక్కుల గురించీ గోడకు చెప్తున్నట్టు చెప్పుకుపోయాడు. ముప్ఫైయొక్క మంది సబ్‌స్క్రైబర్లు. అందులో తొమ్మిదిమంది గదివాళ్ళే.

"ఇవి సూసి ఎవులూ నిలబడటం లేదు. నాను ఎవుల్నో, ఏటి సెప్తానో, ఎవులికి సెప్తానో ఓ నిమసంలో తెలిసిపోవాల. నువ్వు మీ నేస్తాల పెళ్ళి వీడియోలన్నీ సేసినావంట కదా. మీ ఆయన సెప్పినాడు."

మొగుడు అలా గొప్పగా చెప్పుకున్నాడని తెలిసి భువనకు చెంపలు వేడెక్కాయి.

"తప్పకుండా చేద్దాం. తొందరేమైనా ఉందా?"

తిరుమలేష్ మొహంలో నవ్వు తగ్గింది. "వచ్చే నెల ఇరవైరెండు మంది దిగుతన్నారు. అందరూ మనోలే, కవిటి నుంచీ సోంపేట నుంచీ. సగం మంది సముద్రం మీద యేటకెల్లినోలు. క్రేన్ అంటే ఏటో తెల్దు. వచ్చిన కాడ తరగతిలో తమిళంలో సెప్తారు, లేదంటే ఇంగ్లీషులో. 'పురింజదా?' అంటాడు, అర్తమయ్యిందా అని. ఈలు తలలూపుతారు. ఊపకపోతే వెనక్కి పంపీసితారని బయం. నానూ ఊపినాను. ఆల్లు విమానం ఎక్కే ముందే నా ఛానల్ ఆల్ల ఫోన్లల్లో ఉండాల. అదీ తొందర."

"నెలంటే నాలుగు ఆదివారాలు. మనకింకా మూడు మిగులుతాయి" అంది భువన ధీమాగా. పెళ్ళి వీడియోలు చేసినంత తేలిక అనుకుంది పాపం.

ఆ రాత్రే మొదలుపెట్టి మంగళవారానికి పూర్తి చేసింది. నిలువు తెరకు సరిపడేలా కోసి, నిమిషం మించని షార్ట్ కాబట్టి సరిగ్గా అరవై సెకన్లకు కుదించింది. మొదట సింగపూర్ మెరీనా తీరం మీద సూర్యోదయం. వెనకాల వీణ, మృదంగం. బంగారు అక్షరాలు ఒక్కొక్కటే తిరిగి తిరిగి నిలబడ్డాయి. ప్రపంచం నలుమూలలా ఉన్న తెలుగువారందరికీ స్వాగతం, సుస్వాగతం. ఆ తర్వాత పట్టు చొక్కా, నల్లకళ్ళద్దాలతో తిరుమలేష్ ఫొటో. వారానికి ఐదు వీడియోలు, క్రేన్ సంగతులు, సింగపూర్ వింతలు, డార్మిటరీ వంటలు. ఎంత ఎక్కువ పెడితే ఛానల్ అంత పెరుగుతుందని ఎవరో చెప్పగా విని, ఐదు అని రాసేసింది. చక్రధర్ రెండుసార్లు చూసి "అదిరింది" అన్నాడు. తిరుమలేష్ ఫోన్లోనే సరేననడంతో ఛానల్లో ఎక్కించేసింది. కొత్త మొగుళ్ళ మాట ఎంతవరకు నమ్మాలో అప్పటికింకా ఆమెకు తెలీదు.

శనివారం పొద్దున కాఫీలు తాగుతూ ఇద్దరూ ఆ షార్ట్ లెక్కలు తెరిచి చూశారు. ఎంతమంది ఏ సెకను దాకా చూశారో యూట్యూబ్ ఒక గీత గీసి చూపిస్తుంది. ఆ గీత నాలుగో సెకనుకే గోడ మీంచి దూకినట్టు కిందికి పడిపోయింది. బంగారు అక్షరాలు తిరగడం పూర్తికాకముందే సగం మందికి పైగా పైకి తోసేసి వెళ్ళిపోయారు. పట్టు చొక్కా దాకా వచ్చినవాళ్ళు నూటికి పన్నెండు మంది.

"ఇది బగ్ కాదు. డిజైనే తప్పు" అన్నాడు చక్రధర్. ఆఫీసు గొంతు వచ్చేసింది.

"మొన్న అదిరిందన్నారుగా?"

"మొన్న నేను యూజర్ని కాదు, భర్తని."

కింద కామెంట్లు మూడే ఉన్నాయి. అన్నా పెళ్ళెప్పుడు, పిలవనేదేటి, అని ఒకడు. పట్టు చొక్కా ఎంత, అని ఇంకొకడు. మూడోవాడు తిరుమలేష్ గదివాడే అయ్యుండాలి: ఐదు వీడియోలు ఎప్పుడు తీత్తావు, రోజూ ఓవర్‌టైమే కదా.

భువనకు మనసు చివుక్కుమంది. తిరుమలేష్‌కు ఫోన్ చేస్తే ఎప్పటిలా "ఆఁ సెల్లెమ్మా" అని హుషారుగా పలకలేదు.

"నువ్వు బాగా సేసినావమ్మా, తప్పు నాది. నాను సూడకుండా సరే అన్నాను. యార్డులో అందరూ ఐదేవీ ఐదేవీ అని అడుగుతన్నారు. వారానికారు రోజులు పనికి పోతాను. నానెక్కడ ఐదు సేస్తాను? ఇరవైరెండు మందికీ మొదట తెలిసీది నాను మాట తప్పినోణ్ణని. అలాటోడి మాట ఎవులింటారు? తీసీ. ఛానలే తీసీసితాను."

"ఛానల్ తీయకండి. ఆ షార్ట్ ఇప్పుడే తీసేస్తాను. రేపు మాత్రం తప్పకుండా రండి అన్నయ్యా. నేను చేసింది నేనే దిద్దుతాను."

ఎక్కించిన వీడియోలో మార్పులు చేయడం కుదరదు. తీసేసి కొత్తది ఎక్కించాల్సిందే. ఆమె తీసేసింది. బంగారు అక్షరాలకు నాలుగు గంటలు పట్టింది కదా అనిపించింది గానీ, ఆ జాలి ఎక్కువసేపు ఉంచుకోలేదు.

మర్నాడు తిరుమలేష్ హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న కొత్త పసుపుపచ్చ హెల్మెట్ తెచ్చుకున్నాడు. యార్డు హెల్మెట్ మీద కంపెనీ గుర్తుంటుంది, అది కనపడకూడదు. యార్డు లోపల ఫోన్ తీసి బొమ్మలు తీయడం ఎలాగూ కుదరదు. అందుకని ముగ్గురూ బ్లాకు కిందికి దిగారు. ఇక్కడ ప్రతి బ్లాకు కిందా గోడల్లేకుండా స్తంభాలతో ఖాళీగా వదిలేసిన అంతస్తు ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. ఒక మూల రాతి బల్ల దగ్గర ముసలివాళ్ళు చదరంగం ఆడుకుంటున్నారు. చక్రధర్ ఫోన్‌ను నిలువుగా స్టాండుకు బిగించాడు. భువన "రెడీ" అంది.

"ప్రియమైన ప్రేక్షక మహాశయులారా" అన్నాడు తిరుమలేష్.

అంతే, అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "నా యొక్క ఛానల్ యొక్క ముఖ్య ఉద్దేశము..."

"బావా, నువ్వెప్పుడైనా నీ యొక్క భార్య యొక్క అంటావా?" అన్నాడు చక్రధర్.

"అది ఎదురుంటే నోరే లెగదు, ఇంక యొక్క ఎక్కడిది?"

పద్నాలుగుసార్లు తీశారు. పద్నాలుగుసార్లూ రాజకీయ నాయకుడి ఉపన్యాసంలాగే వచ్చింది. చొక్కా వీపు తడిసిపోయింది. చదరంగం వాళ్ళలో ఒకాయన ఆట ఆపి ఇటే చూస్తున్నాడు. చివరికి భువన ఫోన్ ఆపేసి మెట్టు మీద కూర్చుంది. పక్కన కూర్చోమని తిరుమలేష్‌కు చోటిచ్చింది.

"కెమెరా లేదు. నాకు చెప్పండి. ఈ ఛానల్ ఎవరికి?"

"రిగ్గర్లకి. సిగ్నల్‌మన్లకి."

"దిగేవాళ్ళలో రిగ్గర్లెందరు?"

అతను ఆలోచించాడు. "ఇద్దరు. మిగతా ఇరవై మందీ జనరల్ పనోలు. తుడవడం, మొయ్యడం, రంగెయ్యడం."

"అంటే మీరు ఇద్దరి కోసం చెప్తుంటే మిగతా ఇరవైమందీ ఎందుకు చూస్తారు? పోనీ, ఆ ఇరవైమందికీ క్రేన్ సైగలతో పనేముంది?"

"పనుండదు. క్రేన్‌కి ఒక్కడే సైగలియ్యాల. ఇద్దరిస్తే పైనున్నోడు ఎవుల్ని సూడాల? లేపమన్నా, దించమన్నా, తిప్పమన్నా ఆ ఒక్క సిగ్నల్‌మనే." తిరుమలేష్ చెయ్యి దానంతటదే లేచింది. ముంజేయి నిలువుగా, చూపుడువేలు ఆకాశానికి, చిన్నగా సున్నా చుట్టింది. "ఇది లేపు." చేయి కిందికి చాచి, వేలు నేలకేసి సున్నా చుట్టాడు. "ఇది దించు. ఇయ్యి నువ్విస్తే పైనోడు నీకేసి సూడడు."

"నేను ఏదీ ఇవ్వకూడదా?"

"ఆపు మాత్రం ఇయ్యొచ్చు. అదెవులిచ్చినా ఆగాల. తుడిసీవోడిచ్చినా, కాపీ తెచ్చీవోడిచ్చినా, దారంట పోతన్న నువ్విచ్చినా సరే. పైనున్నోడు ముందు ఆపాల, తరవాతే ఎందుకని అడగాల."

భువన కళ్ళు విప్పార్చుకుని చూసింది. "మరి ఆ ఇరవైమందికీ పని లేదంటారేంటి అన్నయ్యా? అందరికీ ఉన్న ఒకే ఒక్క సైగ అదే కదా."

తిరుమలేష్ హెల్మెట్‌ను మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని పట్టీ కాసేపు సర్దాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"నాను వచ్చిన నాలుగో రోజు. ఇనప పలకల కట్ట లెగస్తంది. ఓ పక్క స్లింగు జారతన్నాది. నాకు కనపడింది. సిగ్నల్‌మన్‌కి కనపడలేదు, ఆడు అటేపున్నాడు. నాను అరిసినాను. 'జారతందిరో' అని తెలుగులో అరిసినాను. గ్రైండర్ల మోతలో ఎవులికి వినపడతాది? సెయ్యెత్తొచ్చని నాకు తెల్దు. పెద్దోలు పని సేస్తంటే నానెవుణ్ణి ఆపడానికి, అనుకున్నాను. కట్ట జారి ఓ బంగ్లాదేశోడి కాలు మీద పడింది. ఆడి పేరు కూడా నాకు తెల్దు సెల్లెమ్మా. ఆణ్ణి ఊరికి పంపీసినారు."

రాతి బల్ల దగ్గర ఎవరో పావు కదిపిన చప్పుడు వినిపించింది. చక్రధర్ స్టాండు వదిలేసి దగ్గరికి వచ్చాడు.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదు బావా" అన్నాడు.

"సెప్పీదేటున్నాది?"

"చెప్పేది ఇదే" అంది భువన. ఆమె చేతులు అప్పటికే ఊరుకోవడం లేదు. "యార్డులోకి కొత్తగా వచ్చినవాళ్ళకి. రిగ్గర్లకి కాదు, ప్రపంచంలో తెలుగువాళ్ళందరికీ కాదు. నాలుగో రోజు మీరున్నారే, ఆ మనిషికి. ఆయనతో మాట్లాడండి. ఆయన్ని మహాశయులారా అంటారేంటి?"

తిరుమలేష్ మొహం మారింది. "ఆణ్ణా? ఒరే అంటాను."

"అనండి. ఇంక వారానికెన్ని? నిజం చెప్పండి, మీ చేతనయ్యేది."

"ఆదివారం ఒక్కటే సెలవు. ఆదివారం తీస్తే... ఒకటి."

"ఏ వేళకి?"

ఈసారి అతను ఆలోచించలేదు. "సాయింత్రం ఏడు. అప్పుటికి అందరూ తిరుగుల్లు మానీసి గదులకి సేరతారు, పొయ్యిల కాడ లైన్లో నిలబడి ఫోన్లు సూస్తారు. తెల్లారితే సోమారం, పనిలోకి దిగీ ముందు మీటింగు. అక్కడ ఆ సైగ మల్లీ సూస్తారు, మనసులో ఉండిపోతాది."

చక్రధర్ మెచ్చుకోలుగా తలాడించాడు. "మా ఆఫీసులో రిలీజ్ టైమ్ కోసం రెండు మీటింగులు పెడతారు. నువ్వు పొయ్యి దగ్గర లైను చూసి చెప్పేశావు."

"ఒక మాట" అన్నాడు తిరుమలేష్. "నా వీడియో సూసీసి కోర్సు మానీకూడదు. సిగ్నల్ ఇయ్యాలంటే సర్టిఫికెట్టు ఉండాల. అది కూడా సెప్పాల."

"చెప్దాం. అదీ అందులోనే పట్టాలి."

భువన ఒక కాగితం మీద నాలుగే నాలుగు ముక్కలు రాసింది. ఎవరికి. ఏమిటి. ఎప్పుడు. ఏది కాదు. వాక్యాలు రాసివ్వలేదు. రాసిస్తే మళ్ళీ "యొక్క" వచ్చేస్తుందని ఆమెకు అర్థమైపోయింది. స్వాగతం ఉండదు, పాట ఉండదు, పేరు కూడా మొదట్లో ఉండదు. తెర మీద మొట్టమొదట కనపడాల్సింది ఆ సైగ.

"ఒకటి గావాల మరి" అన్నాడు తిరుమలేష్ లేచి నిలబడుతూ. "ఎవులైనా ఇయ్యొచ్చని నాను సెప్తే సరిపోదు. హెల్మెట్టెట్టుకున్నోడు సెప్తే ఆడికి తెలుసు గనక సెప్తన్నాడనుకుంటారు. నువ్వు సూపించాల."

"నేనా? ఈ జడ, ఈ చుడీదార్లోనా? మా అత్తయ్యగారు చూస్తారు అన్నయ్యా."

"మా మేనత్తకి నాను సెప్తాన్లే. క్రేన్ ఎప్పుడూ సూడని మనిసి గావాల నాకు."

భువన మొగుడి వంక చూసింది. చక్రధర్ స్టాండు వెనక్కి వెళ్ళి, ఫోన్ తన చేతిలోకి తీసుకున్నాడు. "నేను తీస్తాను. వెళ్ళు" అన్నాడు. ఆ "వెళ్ళు"లో ఏముందో గానీ ఆమె చున్నీ బిగించి కట్టుకుని స్తంభం ముందుకు నడిచింది. రెండు చేతులూ ఎదురుగా చాచి, అరచేతులు నిలువుగా, ట్రాఫిక్ పోలీసులా పెట్టింది.

"అదిగో, కొత్తోలందరూ సేసీ తప్పదే" అన్నాడు తిరుమలేష్. అతని గొంతు పూర్తిగా మారిపోయింది. అది యార్డు గొంతు. "అంతెత్తు నుంచి సూసీవోడికి అది అగుపడదు. రెండు సేతులూ పక్కలకి సాపు. బుజాల ఎత్తున. అరిసేతులు నేలకేసి. ఇప్పుడు ముందుకీ ఎనక్కీ ఊపు. మోసెయ్యి ఒంచకు. ఆ. ఇదీ ఎమర్జెన్సీ స్టాపు. ఇది సూసినాక ఆగని క్రేను ఉండకూడదు."

రెక్కల్లా చేతులు చాచి ఊపుతూ నిలబడిన భువనకు ఏదో పెద్ద అధికారం చేతికొచ్చినట్టనిపించింది. చదరంగం పెద్దాయన కూర్చున్నచోటి నుంచే తన చేతులు కూడా అలాగే చాచి సరిచూసుకున్నాడు. తిరుమలేష్ ఆయన వైపు తిరిగి బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆ సాయంత్రం మూడోసారికే వచ్చేసింది. మొదట మూడు సెకన్లు మాటా పాటా లేదు. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న మనిషి రెండు చేతులూ చాచి నిన్నే ఆపుతున్నట్టు చూస్తాడు. తర్వాత చేతులు దించి, ఎదురుగా ఉన్నవాడితో మాట్లాడినట్టు మొదలుపెట్టాడు.

"ఒరే, నువ్వు ఈ యార్డులోకి కొత్తగా వచ్చినావు కదా. నీకు భాష తెల్దు, బయంగా ఉన్నాది. ఈ ఛానల్ నీకే. నా పేరు తిరుమలేష్, పన్నెండేల్ల బట్టి క్రేను కింద పని సేస్తన్నాను. ఆదివారం సాయింత్రం ఏడింటికి ఒక సైగ, మన మాటల్లో, ఒక నిమసం. వారానికి ఒక్కటే. అది తప్పను. లేపీదీ దించీదీ సర్టిఫికెట్టున్నోడి పని. నా వీడియో సూసి నువ్వు సెయ్యకు, కోర్సుకెల్లు. ఆపీది మాత్రం నీ పని కూడా. ఈవిడ మా సెల్లెలు. క్రేన్ ఎప్పుడూ సూడలేదు. సూడు, ఎలా ఆపుతాదో."

అక్కడ భువన, జడ ఊగుతూ, చేతులు చాచి.

"నీకేటి తెలుసని ఎవులైనా అంటే నా పేరు సెప్పు."

యాభై ఎనిమిది సెకన్లు. భువన కోసింది రెండు దగ్గుల్ని, ఒక లారీ హారన్‌ని. కింద తెలుగు అక్షరాలు వేసింది, మోతలో ఉన్నవాళ్ళు చదువుకోవాలని. ఛానల్ తెరిచిన కొత్తవాళ్ళకు మొట్టమొదట అదే కనపడేలా పెట్టింది. శుక్రవారం గీత చూస్తే, మొదట్లో కొంత జారి, ఆ తర్వాత దాదాపు సమంగా చివరిదాకా సాగింది. చూసినవాళ్ళు ఆరువందల మందే. "ఆరువందలే" అన్నాడు చక్రధర్. "మొదటిదాని కన్నా ఎక్కువేం కాదు."

"ఎవరో చూశారా? ఎక్కణ్ణుంచో?" అంది భువన. కామెంట్లలో సోంపేట, కవిటి, మందస అని ఊళ్ళ పేర్లున్నాయి. పెద్ద నగరం ఒక్కటీ లేదు. ఆమె ఆ పేర్లను ఒక్కొక్కటే వేలితో తాకుతూ చదువుతుంటే చక్రధర్ మరి లెక్కల మాటెత్తలేదు.

తర్వాతి ఆదివారం ఏడింటికి లేపు సైగ పెట్టారు. ఆ పై వారం దించు. మూడో వారం తిరుమలేష్‌కు ఆదివారం కూడా పని పడితే, శనివారం రాత్రి వచ్చి వాయిడ్ డెక్ దీపాల కింద తీయించుకుని వెళ్ళాడు. ఏడింటికి వీడియో వచ్చింది.

ఇరవైరెండు మందీ దిగిన రెండో ఆదివారం, తిరుమలేష్ ఒంటరిగా రాలేదు. భువనా చక్రధరూ యూ టీ స్టేషన్ దగ్గరికి ఎదురెళ్ళారు. ఎస్కలేటర్ మీంచి దిగుతున్న గుంపులో తిరుమలేష్ అరటిపళ్ళ హస్తం కనపడింది. అతని వెనక పది పన్నెండు మంది, కొత్త చెప్పులు, మడతలు పోని చొక్కాలు. వాళ్ళల్లో ఒకడు భువనను చూసి ఆగాడు. పక్కవాడి మోచేతిని పొడిచాడు.

"ఆయమ్మే."

గేటు బయట, కార్డులు నొక్కుకుని వస్తున్న జనం మధ్య, వాళ్ళు ఒక్కొక్కరే రెండు చేతులూ పక్కలకు చాచారు. అరచేతులు నేలకేసి. వెనకొచ్చేవాళ్ళు ఏమిటో తెలియక నిజంగానే ఆగిపోయారు. చక్రధర్ పరుగున వెళ్ళి, సారీ సారీ అంటూ దారి చేశాడు. భువనకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఈడు అప్పయ్య" అని తిరుమలేష్ ఒక మనిషిని ముందుకు తోశాడు. నలభై ఏళ్ళుంటాయి. ఉప్పుగాలికి నల్లబడి ముడతలు పడ్డ మొహం. "ఇరవయ్యేల్లు సముద్రం మీదే. యార్డులో తుడిసీ పని. సెప్పరా."

అప్పయ్య సిగ్గుపడి చెప్పులకేసి చూశాడు. "బుదారం నాడు ఇచ్చినానమ్మ. గొట్టాలు లేపుతన్నారు. ఒక పట్టీ కొక్కెంలో సరిగ్గా కూకోలేదనిపించింది. వల తాడు జారీ ముందు అలాగే ఉంటాది. నానేటి సెప్తాను, ఆల్లు పెద్దోలు అనుకున్నాను. అప్పుడు నువ్వు గేపకమొచ్చినావు. ఈ ఆడకూతురే ఇస్తే నాకేటని సేతులు సాపీసినాను."

"క్రేన్ ఆగిందా?" అంది భువన.

"ఆగింది. దించినారు. సూపరైజరు వచ్చి సూసినాడు. పట్టీ తీసి మల్లీ ఏసినారు."

"తర్వాతేమైంది?"

అప్పయ్య ఆమె వంక వింతగా చూశాడు. అంత చదువుకున్న మనిషి ఇలాంటి ప్రశ్న అడుగుతుందేమిటి అన్నట్టు.

"తరవాతేటి? ఏటీ అవలేదు. గొట్టాలు ఎల్లిపోనాయి. నాను తుడుసుకున్నాను."

తిరుమలేష్ జనం వైపుకు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు మాత్రమే కనపడుతున్నాయి. కాసేపటికి ఇటు తిరిగి, యార్డు గొంతుతో అన్నాడు.

"ఏదీ, మల్లీ సూపించు. ఇందాక నీ మోసెయ్యి ఒంగింది."

అప్పయ్య స్టేషన్ గేటు ముందే మళ్ళీ చేతులు చాచాడు. ఈసారి చేతులు తెడ్లలా తిన్నగా ఉన్నాయి.